రెండు వారాలు, ఆరు వేలు

ఈసారి దీపావళి నవంబర్ 8, ఆదివారం. అక్టోబర్ 20న దసరా. ఊళ్ళకెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, పిల్లలు బడిబాట పట్టి, ఇల్లు గాడిలో పడేసరికి పండగకు మిగిలేది రెండు వారాలే. మియాపూర్‌లో మూడో అంతస్తులో ఒక రెండు పడక గదుల అద్దె ఫ్లాట్ ఉంది. గుమ్మం ముందు నాలుగడుగుల కారిడార్, లోపల పొడుగాటి హాలు, హాలు చివర చిన్న బాల్కనీ. ఆ ఇంటి ఇల్లాలు సుజాతది ఉద్యోగం. సాయంత్రం ఏడున్నరకు గానీ ఇల్లు చేరదు. ఆమె వదినగారు భారతి దసరాకు తెనాలి నుంచి వచ్చి, దీపావళి చూసుకుని వెళ్దామని ఆగారు. అక్టోబర్ 24, శనివారం రాత్రి భోజనాలయ్యాక సుజాత నోట్‌బుక్ తెరిచింది. వాదన అక్కడ మొదలైంది. నా మొగ్గు ఎటువైపో చదివేవాళ్ళకు తెలిసిపోతుంది కాబట్టి దాచే ప్రయత్నం చేయను.

సుజాత: వదినా, ఈసారి ఆరు వేలు దాటకూడదని గట్టిగా అనుకున్నాం. ఇందులో బట్టలు లేవు, స్వీట్లు లేవు, టపాకాయలు లేవు. అలంకరణ ఒక్కటే. లైట్లకు పదిహేను వందలు, ప్రమిదలకూ నూనెకూ వెయ్యి, పూలకు పదకొండు వందలు, కుషన్ కవర్లకూ హాలు కర్టెన్‌కూ పన్నెండు వందలు, శుభ్రం చేసే సామానుకూ హుక్కులకూ అయిదు వందలు, ముగ్గుకు రెండు వందలు. అనుకోకుండా వచ్చే ఖర్చులకు ఇంకో అయిదు వందలు. రేపు మొదలుపెడితే సరిగ్గా రెండు వారాలకు పండగ.

భారతి: ఆరు వేలా! మా ఇంట్లో పండగ ముందురోజు కుమ్మరాయన గంప దించేవాడు, పొద్దున్నే పెరట్లో మామిడాకులు కోసేవాళ్ళం, సాయంత్రానికి ఇల్లంతా వెలుగు. దానికి రెండు వారాల ముందు నుంచి పద్దు రాసుకుంటూ కూర్చుంటే పండగ వచ్చేనాటికి నీకు ఓపిక అయిపోతుందమ్మా. ఏదైనా చివరి రెండు రోజుల్లో చేస్తేనే ఊపు. పైగా చివర్లో బేరం కూడా కుదురుతుంది.

సుజాత: మీ ఇంట్లో పెరడుంది, పగలు ఇంట్లో నలుగురు మనుషులున్నారు. ఇక్కడ మామిడాకు కూడా కొనాల్సిందే. చివరి రెండు రోజులంటే శుక్రవారం ధనత్రయోదశి, శనివారం ఒక్కరోజు. శుక్రవారం నాకు సెలవు లేదు. ఇక మిగిలేది ఒక్క శనివారం. ఆ ఒక్కరోజులో లైట్లు కొని, వేలాడదీసి, కిటికీలు తుడిచి, పూలు గుచ్చి, ప్రమిదలు నానబెట్టాలంటే అయ్యే పనేనా?

భారతి: అన్నీ చివర్లో చెయ్యమనలేదు. అన్నీ ముందే కొనకు అంటున్నాను. నువ్వు రాసింది ఏం కొనాలన్న పద్దు. ఎక్కడ పెట్టాలన్నది అందులో లేదు. ముందు అది తేల్చు. ఈ హాల్లో ట్యూబ్‌లైటు తీసెయ్, బాల్కనీ తలుపు తెరువు, బయట కారిడార్‌లో నిలబడి లోపలికి చూడు.

ఆ రాత్రే ఇద్దరూ లైట్లన్నీ ఆర్పి చూశారు. గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనిపించేది రెండే. ఒకటి హాలు చివరి బాల్కనీ రెయిలింగ్, రెండోది కుడిచేతి గోడ దగ్గర దేవుడి అల్మారా. సోఫా వెనక గోడ చీకట్లో పడి కనిపించనే లేదు. సుజాత లైట్ల పద్దులో సగం ఆ గోడకే రాసిపెట్టుకుంది. చిన్న ఫ్లాట్‌లో అలంకరణ ఎక్కడ ఉండాలో ఇలా చీకట్లో చూస్తేనే తెలుస్తుంది. పగటి వెలుతురులో ప్రతి గోడా ఖాళీగానే ఉన్నట్టుంటుంది, ప్రతిదానికీ ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది. భారతి చేయించిన ఈ ఒక్క పని వల్ల పద్దు మొత్తం మారింది.

సుజాత: సరే, మూడు చోట్లు. గుమ్మం, దేవుడి దగ్గర, బాల్కనీ. సోఫా గోడ వదిలేద్దాం.

భారతి: అప్పుడు ఈ కుషన్ కవర్లెందుకు? అవి దీపావళికి కాదు, ఇంటికి. పాతబడితే సంక్రాంతికి కొనుక్కో.

సుజాత: పాతబడ్డాయి వదినా, జిప్పులు ఊడిపోయాయి. సాయంత్రం లక్ష్మీపూజకు నలుగురొస్తారు, వాళ్ళు కూర్చునేది ఆ సోఫాలోనే. అయినా కర్టెన్ ఉతికి మళ్ళీ వేద్దాం, కొత్తది వద్దు. కవర్లు మూడు చాలు, ఆరు వందల్లో వస్తాయి. ఇవి మాత్రం మంగళవారంలోగా ఆన్‌లైన్‌లో పెట్టెయ్యాలి. ఫోన్‌లో కనిపించిన రంగు ఒకటి, చేతికొచ్చే రంగు ఒకటి. నచ్చకపోతే వెనక్కిచ్చి వేరేది తెప్పించుకోవడానికి వారమైనా పడుతుంది. పండగ వారంలో ఆర్డర్ పెడితే వచ్చిందే వేసుకోవాలి.

భారతి: అదొప్పుకుంటాను. తిరిగిచ్చే అవకాశం ఉన్న వస్తువైతే ముందే కొను.

సుజాత: లైట్లు కూడా అంతే కదా! వచ్చే శనివారం, 31న, మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే ట్రూప్ బజార్ నడిచే దూరమే. ఆదివారం వెళ్దామంటే అక్కడ షాపులు చాలావరకు మూసే ఉంటాయి. అందుకే శనివారం.

భారతి: మన వీధి చివర బండిమీద కూడా అమ్ముతారుగా, నూటయాభైకి. పండగ ముందురోజైతే వందకే ఇస్తాడు.

సుజాత: ఇస్తాడు. బండి దగ్గర మొత్తం వెలుగుతుంది, ఇంటికొచ్చాక మూడోవంతు ఆరిపోతుంది. ఈ ఎల్‌ఈడీ దండలో బల్బులన్నీ ఒకే వరసలో ఉండవు, కొన్ని కొన్ని కలిపి గుంపులుగా కట్టి ఉంటాయి. గుంపులో ఒక బల్బు దగ్గర తీగ ఊడితే ఆ గుంపంతా ఆరిపోతుంది, మిగతావి వెలుగుతూనే ఉంటాయి. పోయినేడాది దండ అటకమీద ఉంది. రేపు పొద్దున దింపి ప్లగ్గులో పెట్టి చూస్తే ఎంత బతికుందో తెలుస్తుంది. బాగుంటే ఒకటి తక్కువ కొంటాం. పండగ ముందురోజు కొన్నది పాడైతే ఎవరికి తిరిగిస్తాం? ఆ బండి ఆయన అప్పటికి ఇంకో వీధిలో ఉంటాడు.

భారతి: నాకు భయం బల్బు ఆరిపోవడం గురించి కాదు. ఇంతమంది ఇళ్ళల్లో ఇన్ని లైట్లు పెడితే కరెంటు ఎక్కువై వైర్లు కాలవా?

సుజాత: ఎల్‌ఈడీలు లాగే కరెంటు చాలా తక్కువ. ఇలాంటి దండలు నాలుగు పెట్టినా పాతకాలం అరవై వాట్ల బల్బు ఒక్కటి లాగినంత కూడా లాగవు. ప్రమాదం కరెంటు ఎక్కువై రాదు, తీగ సన్నదై వస్తుంది. జాయింటుకు టేపు సరిగ్గా లేకపోయినా, గదిలో వాడే దండ తీసుకెళ్ళి వానలో పెట్టినా అంతే. నవంబర్ మొదట్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మనకూ చినుకులు తప్పవు. అందుకే బాల్కనీలో బయట వాడే దండే పెట్టాలి, ప్లగ్గు మాత్రం లోపలే ఉండాలి. ఇంటికి తెచ్చాక చుట్ట విప్పి, గంటసేపు వెలిగించి, అడాప్టర్ డబ్బాని పట్టుకుని చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా వెంటనే తీసేసి తిరిగిచ్చెయ్యాలి. బిల్లు అందుకే అడిగి తీసుకోవాలి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే చాలామంది దండ పొడవు దగ్గరే పొరబడతారు. సుజాత బాల్కనీ రెయిలింగ్ తొమ్మిదడుగులు. దండను తిన్నగా కడితే తొమ్మిదడుగులు చాలు. కానీ వంపులు వంపులుగా వేలాడదీస్తే దాదాపు పద్నాలుగడుగులు కావాలి. అక్కడితో అయిపోదు. హాల్లో ఉన్న ప్లగ్ పాయింటు నుంచి రెయిలింగ్ మొదలుదాకా ఇంకో ఎనిమిదడుగులు. మొత్తం ఇరవై రెండు. పది మీటర్ల దండ అంటే ముప్ఫై మూడడుగులు కాబట్టి ఒక్కటి సరిపోయి, పక్క కడ్డీకి చుట్టడానికి కూడా మిగులుతుంది. అయిదు మీటర్లది తెస్తే మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు ఇంకోటి దానికి జతచేసి, ఆ జాయింటును బాల్కనీలో వదిలేస్తారు. ఆ పని చెయ్యకూడదు. ఆదివారం పొద్దున టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోవడానికి పట్టే సమయం ఎంతో కాదు గానీ, అది జేబులో లేకుండా ట్రూప్ బజార్ వెళ్తే రంగు చూసి కొంటాం, పొడవు చూసి కొనం.

సుజాత: ఇప్పుడు లెక్క చూడండి. పది మీటర్ల దండలు రెండు, మూడు వందల యాభై చొప్పున ఏడు వందలు. ఐఎస్ఐ గుర్తున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు నాలుగు వందల యాభై. దారాలు, క్లిప్పులు వేసుకున్నా పదమూడు వందల్లో తేలుతుంది. పదిహేను వందలు అక్కర్లేదు. నవంబర్ 1, ఆదివారం సాయంత్రం కట్టి చూస్తాను. నచ్చితే అలాగే ఉంచి, పండగదాకా ఆర్పేసి ఉంచుతాను.

భారతి: గోడకు టేపు వేస్తావా? పోయినసారి ఏదో ఫొటో తీస్తే రంగు పెచ్చులా ఊడొచ్చింది.

సుజాత: గోడకు ఏమీ అంటించను. అద్దె ఇల్లు, మేకులు కొట్టే మాటే లేదు. కిటికీ గ్రిల్లుకూ రెయిలింగుకూ దారంతో కడతాను. గుమ్మానికి పైన పాత మేకులు రెండున్నాయి, తోరణానికి అవి చాలు.

భారతి: ఇక నా వంతు. ప్రమిదలకు వెయ్యి ఎలా రాశావు?

సుజాత: రంగులేసిన ప్రమిదలు డజను, నలభై చొప్పున నాలుగు వందల ఎనభై. లీటరు నువ్వులనూనె నాలుగు వందలు. రెడీమేడ్ వత్తులు నూట ఇరవై.

భారతి: రంగు ప్రమిదలు వద్దు. మట్టి ప్రమిదను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మర్నాడు నీడన ఆరబెట్టాలి. అలా చెయ్యకపోతే మొదట పోసిన నూనె మట్టే తాగేస్తుంది. వెలిగించిన కాసేపటికే అడుగు కనిపిస్తుంది. రంగుదైతే నీళ్ళలో వేస్తే రంగు దిగుతుంది, వెయ్యకపోతే నూనె పీలుస్తుంది. మామూలు మట్టివి అయిదారు రూపాయలకు ఒకటి దొరుకుతాయి. నలభై తీసుకో.

సుజాత: నలభైయా! మనం వెలిగించేది ఇరవై నాలుగే కదా?

భారతి: వెలిగించేవి ఇరవై నాలుగు. నేలమీద పెట్టేవాటికి ప్రమిద కింద ఇంకో ప్రమిద ఉండాలి. మట్టి గుండా నూనె చెమరుస్తుంది, మీ టైల్స్‌మీద ఆ మరక ఓ పట్టాన పోదు. కారిడార్‌లో నూనె జిడ్డుమీద ఎవరైనా కాలేస్తే జారి పడతారు. నేలమీద పది పెడితే ముప్ఫై నాలుగు, దారిలో పగిలేవి, బీటలుండేవి పోగా నలభై. కొనేటప్పుడు ఒక్కొక్కటీ వేలితో తట్టి చూడు. ఖంగుమంటే కాలినది. మొద్దుగా మోగితే పగులుందన్నమాట.

సుజాత: నూనె లీటరు చాలుతుందా?

భారతి: చిన్న ప్రమిదలో మూడు టీస్పూన్లు పడుతుంది. ఇరవై నాలుగింటికి ఒకసారి పొయ్యడానికి పావులీటరు దాటి, అరలీటరుకు కాస్త తక్కువ. మధ్యలో మళ్ళీ ఒకసారి పోస్తావు. ఆ రాత్రికే ముప్పావు లీటరు అవుతుంది. కానీ మర్నాడు అమావాస్య వెళ్ళాక కార్తీకం వస్తుంది. రోజూ సాయంత్రం గుమ్మంలో రెండు దీపాలు పెట్టవూ? నెలంతా లెక్కేస్తే ఇంకో లీటరు. ఇప్పుడే రెండు లీటర్లు కొను. ప్రమిదలు పండగ మర్నాడు పారెయ్యకు, అవే నెలంతా వాడతావు. నీ పద్దు ఒక్క రాత్రికి వేశావు, దీపాలు నెల రోజులు వెలగాలి.

సుజాత: అయితే నూనె ఎనిమిది వందలు, ప్రమిదలు రెండు వందల ఇరవై, దూది ఓ అరవై. పదకొండు వందలు. నేననుకున్నదానికి వంద ఎక్కువ.

భారతి: వత్తులు నేను చేస్తాను. గురువారం సాయంత్రం, 5న ప్రమిదలు నీళ్ళలో వేద్దాం, శుక్రవారం ఆరతాయి. వత్తి లావైతే నూనె త్వరగా అయిపోతుంది, మంట పొగ కక్కుతుంది. సన్నగా, రెండు పోగులు కలిపి, మొత్తం నూనెలో తడిపి, అంచు నుంచి పెసర గింజంత బయటికి ఉంచితే చాలు. నీ కొనుగోలు వత్తులు కొన్ని గట్టిగా మెలేసి ఉంటాయి, నూనె పైకెక్కదు, ఆరిపోతుంటాయి.

సుజాత: బాల్కనీ రెయిలింగ్‌మీద కూడా వరసగా పెడదామనుకున్నాను.

భారతి: వద్దు తల్లీ. మూడో అంతస్తు, గాలి ఎలా కొడుతుందో చూశావుగా. రెయిలింగ్‌మీద నుంచి జారితే కింద ఎవరిమీదో పడుతుంది. కర్టెన్ పక్కకు లాగి, ముడేసి, బాల్కనీ నేలమీదే పెడదాం. ఒక పెద్ద స్టీలు పళ్ళెంలో ఇసుక పోసి అందులో తొమ్మిది ప్రమిదలు. గాలికి కదలవు, పిల్లవాడి కాలు తగిలినా ఒలికే నూనె ఇసుకలోనే ఉంటుంది. కింది రెయిలింగ్ కమ్మీలు గాలికి కాస్త అడ్డు. చున్నీ నడుముకు చుట్టుకున్నాకే దీపాల దగ్గర వంగాలి, అది మాత్రం మర్చిపోకు.

సుజాత: రెయిలింగ్‌కు లైట్లు, కింద దీపాలు. అది బాగుంటుంది. కానీ పైన అటూ ఇటూ రంగులు మారే లైట్లు వెలుగుతుంటే కింద దీపాలు కనిపించవు.

భారతి: ఆ గంతులేసే లైట్లు చూస్తే నాకు తల తిరుగుతుంది.

సుజాత: పసుపురంగు వెలుగుదే తెస్తాను, వార్మ్ వైట్ అంటారు. కదలకుండా ఒకేలా వెలిగేలా బటన్ పెట్టుకోవచ్చు. కరెంటు పోయొస్తే మాత్రం చాలా దండలు మళ్ళీ మొదటి గంతులకే వెళ్ళిపోతాయి. కొనేటప్పుడు షాపులోనే ప్లగ్గు తీసి పెట్టించి చూడాలి.

ప్రమిదల దగ్గర భారతి మాటకు తిరుగులేదు. తక్కువ ధర వస్తువు ఎక్కువ సంఖ్యలో తీసుకోవడం, దాన్ని పండగ తర్వాత కూడా వాడడం వల్ల ఖర్చు వంద పెరిగినా ఉపయోగం నెలంతా ఉంటుంది. పూల దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ గట్టిగా తగాదా వచ్చింది.

భారతి: పూలకు పదకొండు వందలు చూసి నా గుండె ఆగింది. ఎన్ని మూరలు?

సుజాత: గుమ్మం ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు. రెండు పక్కలా, పైనా కలిపి పద్దెనిమిదడుగులు. మూర అడుగున్నర అనుకుంటే పన్నెండు మూరలు. పండగపూట బంతి దండ మూర యాభై చెప్తారు. ఆరు వందలు. దేవుడికీ, హాల్లో ఇత్తడి గిన్నెలో నీళ్ళమీద వెయ్యడానికీ మిగతావి.

భారతి: విడిపూలు కిలోన్నర తెస్తే ఆ గుమ్మానికి సరిపోతాయి. పూలు మరీ చిన్నవైతే ఇంకాస్త పడతాయి. అందుకే రెండు కిలోలు తెద్దాం. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్తే కిలో ఎంత పెరిగినా మూర లెక్కలో సగం కూడా ఉండదు.

సుజాత: కిలో నూట ఇరవై అనుకున్నా రెండు వందల నలభై. ఒప్పుకుంటాను. కానీ మియాపూర్ నుంచి గుడిమల్కాపూర్‌కు ఆటోలో పోయిరావడానికే ఆరు వందలు దాటుతుంది. మిగిలింది ఆటోవాడికిచ్చి, తెల్లవారుజామున లేచింది మనం.

భారతి: ఆటో మనొక్కళ్ళమే ఎందుకు? ఎదురింటివాళ్ళూ, పై అంతస్తువాళ్ళూ పూలు కొనరా? మూడిళ్ళవాళ్ళం కలిసి వెళ్తే మన వాటా రెండు వందలు.

సుజాత: అలాగైతే లెక్క కుదురుతుంది. బంతి రెండు వందల నలభై, అరకిలో చామంతి నూట ఇరవై, ఆటో రెండు వందలు, తామరపూలు రెండు, మామిడాకులు, తమలపాకులు కలిపి నూటపది. ఏడు వందల్లోపే. వాళ్ళు రానంటే మాత్రం వీధి చివర మూరలే కొంటాను. ఎవరూ తోడు లేకుండా వెళ్ళడంలో లాభం లేదు.

భారతి: అడుగుతాను, వస్తారు. కానీ ఎప్పుడు కొనాలన్నది నేను చెప్పినట్టే. నువ్వు శుక్రవారం రాశావు. శనివారం పొద్దున తేవాలి. శుక్రవారం తెస్తే ఆదివారం సాయంత్రానికి బంతి అంచులు నల్లబడతాయి.

సుజాత: శనివారం రాత్రి గుచ్చేద్దామా?

భారతి: అవును. తెచ్చాక ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి ఉంచకు, వేడెక్కి కుళ్ళుతాయి. కాగితాలమీద పల్చగా పరిచి, పైన తడిపి పిండిన గుడ్డ కప్పు. నీళ్ళు చల్లకు. రాత్రి తొమ్మిదికి కూర్చుంటే అందరం కలిసి రెండు గంటల్లో గుచ్చేస్తాం. మామిడాకులు మాత్రం ఆదివారం పొద్దున కడదాం, రాత్రే కడితే పండగ సాయంత్రానికి చుట్టుకుపోతాయి.

సుజాత: చూశారా వదినా, మీరే ఇప్పుడు తేదీలు చెప్తున్నారు.

భారతి: చెప్తాను మరి. పువ్వుకు దాని గడువుంటుంది. నువ్వు నీ సెలవు చూసుకుని రాస్తున్నావు, నేను అది వాడిపోయే వేళ చూసుకుని చెప్తున్నాను.

నాకు ఈ సంవాదంలో అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే. రెండు వారాల కాలపట్టిక అంటే పనుల జాబితా తయారుచేసుకుని రోజులకు పంచడం కాదు. పాడైతే మార్చుకోవాల్సినవి మొదటివారంలో రావాలి, అవి లైట్లు, కవర్లు. పాడవని ప్రమిదలూ, నూనే, ముగ్గుపిండీ మధ్యలో ఎప్పుడైనా కొనొచ్చు, వీలైతే నవంబర్ 1 ఆదివారమే. వాడిపోయేవి చివరి ముప్ఫై ఆరు గంటల్లో. ఈ వరస తప్పినప్పుడే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. ముందే తెచ్చిన పూలు మళ్ళీ కొంటాం, ఆలస్యంగా తెచ్చిన లైట్లు పారేసి వేరేవి కొంటాం.

భారతి: ఇంకోటి అడుగుతాను. ఫ్యాన్లు, అటకలు, కిటికీ ఊచలు ఎవరు తుడుస్తారు?

సుజాత: రోజూ సాయంత్రం ఒక అల్మారా నేను సర్దుతాను. పెద్ద పనులు మన పనామెతో చేయిద్దామనుకున్నా.

భారతి: ఆమె రోజూ చేసేది అంట్లూ, ఊడ్చి తుడవడమూ. ఫ్యాన్లు తుడవడం ఆమె జీతంలో లేదు. ఆ డబ్బు నీ ఆరు వేలల్లో ఎక్కడుంది?

సుజాత: పండగకు చీరా, కొంత డబ్బూ ఇస్తాంగా.

భారతి: అది పండగ మామూలు. ఇది పని. రెండూ కలిపేస్తే ఆమెకు పండగే లేనట్టు. పైగా ఆ వారం అన్ని ఇళ్ళవాళ్ళూ ఆమెనే అడుగుతారు. ముందే చెప్పి, ఏ రెండు పూటలు వస్తుందో కనుక్కుని, పూటకు నాలుగు వందల చొప్పున విడిగా ఇవ్వు.

సుజాత పెన్ను పట్టుకుని కాసేపు లెక్క చూసింది. లైట్లు పదమూడు వందలు, దీపాలు పదకొండు వందలు, పూలు ఏడు వందలు, కవర్లు ఆరు వందలు, శుభ్రం సామాను అయిదు వందలు, ముగ్గు రెండు వందలు, చేతి నిల్వ అయిదు వందలు. నాలుగు వేల తొమ్మిది వందలు వచ్చింది. పనామెకు ఎనిమిది వందలు కలిపితే అయిదు వేల ఏడు వందలు. మిగిలిన మూడు వందలూ నిల్వలోకే పోయాయి. నేను చూసిన పండగ పద్దుల్లో ఈ ఎనిమిది వందలు ఉండే పద్దులు అరుదు. ఆ ఒక్క పంక్తి కోసమైనా ఈ వాదన రాయాలనిపించింది.

సుజాత: ఆమెకు 28న బుధవారం, ఆపైన 4న బుధవారం కుదురుతుందేమో రేపే అడుగుతాను. మొదటి పూట పైపనులు, అంటే ఫ్యాన్లు, అటక, గోడల మూలల్లో బూజు. రెండో పూట కిటికీలు, బాల్కనీ. కర్టెన్ కూడా ఆ 4నే ఉతికితే దుమ్ము మళ్ళీ పట్టదు. పైనుంచి కిందికి చేసుకుంటూ రావాలి, లేదంటే తుడిచిన నేలమీదే బూజు పడుతుంది.

భారతి: ముగ్గు నేనేస్తాను, శనివారం రాత్రి కాదు, ఆదివారం సాయంత్రం నాలుగింటికి. రాత్రేస్తే పొద్దున పాలవాడి నుంచి మొదలుపెట్టి అందరూ తొక్కుతారు.

సుజాత: ఈ టైల్స్‌మీద పిండి నిలవదు, అందుకే స్టిక్కర్ ముగ్గు అంటించి చుట్టూ రంగులు వేద్దామనుకున్నా.

భారతి: నిలుస్తుంది. నేల ఒకసారి తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరకముందే వెయ్యాలి. ముందు చాక్‌పీసుతో చుక్కలు పెట్టుకుంటే గీత వంకరపోదు. ఒక పక్కగా, మూడడుగుల లోపే వేద్దాం. కారిడార్ నాలుగడుగులే కదా, నడిచేవాళ్ళకు దారి ఉండాలి. మెట్ల మొదట్లో మాత్రం ముగ్గూ వద్దు, దీపమూ వద్దు.

సుజాత: అక్కడ నేనూ అదే రాశాను. ఏదైనా జరిగితే అందరూ దిగాల్సింది ఆ మెట్లమీదే. ఇంకో మాట, కారిడార్ లైటు కూడా ఆర్పొద్దు వదినా.

భారతి: ఆ తెల్ల లైటు కింద నా ప్రమిదలు ఎవరికి కనిపిస్తాయి? ఆరున్నరకు ఇంట్లో ట్యూబ్‌లైట్లు కూడా అన్నీ ఆర్పేద్దామనుకుంటున్నాను.

సుజాత: ఇంట్లోవి ఆర్పుదాం. హాల్లోది, బాల్కనీది, వంటింట్లోది కూడా. కారిడార్ లైటు మనొక్కళ్ళది కాదు, పై అంతస్తు పెద్దాయన కర్ర పట్టుకుని దిగుతారు. నేల కనిపించాలి.

భారతి: అయితే గుమ్మం బయట నాలుగే పెడదాం. మిగతా ఆరూ లోపలి గడప పక్కన, తలుపు తెరిచిన వైపు కాకుండా రెండో వైపు. లోపల చీకటి ఉంటే బయట నిలబడ్డవాళ్ళకు అవే కనిపిస్తాయి.

సుజాత: రాసుకున్నాను. బయట నాలుగు, లోపల ఆరు, బాల్కనీలో తొమ్మిది, దేవుడి దగ్గర అయిదు. ఇరవై నాలుగు. ఇక రేపు పొద్దున టేపు తీసుకుని నేను రెయిలింగ్ కొలుస్తాను, మీరు అటకమీది పాత దండ ప్లగ్గులో పెట్టి చూడండి.